కుంభం ఇరవై ఒకటో డిగ్రీ

సెప్టెంబర్ 7, ఆదివారం. బోథ్.

టీవీల పొద్దటి సంది ఒకటే ముచ్చట. కుంభరాశోళ్లు చూడొద్దు, మీనరాశోళ్లు చూడొద్దు. మేము చర్చికి పోయి వచ్చి, మామూలుగ వండుకొని తిన్నం. మా ఆయన జేమ్స్ నిర్మల్ కరెంటాఫీసు నుంచి ఫోన్ చేసి, డ్యూటీల ఉన్న, పైకి చూస్త అని నవ్విండు. పక్కింటి జానకీబాయి పచ్చడి జాడీల మీద గరిక పోసలు వేసి, ఐదు గంటలకే పొయ్యి ఆర్పేసింది.

పదింటికి గ్రహణం పట్టింది. పదకొండు దాటినంక వాకిట్ల నిలబడి చూసిన. చంద్రుడు ఎర్రగ, మాసిన రాగి చెంబు లెక్క ఉండె. ఒకటిన్నరకు గని విడువదన్నరు. నేను అంతసేపు ఉండలే.

నాకు దీని మీద నమ్మకం లేదు. లెక్కల టీచర్‌ను కాబట్టి డిగ్రీలంటే ఇష్టం, అంతే.

సెప్టెంబర్ 8

జానకీబాయిని అడిగిన. అడగకుంటే అయిపోతుండె.

మూడేండ్ల కింద, ఎండకాలం సెలవులల్ల, జాతకం లెక్కలు ఊరికే నేర్పుమంటే నేర్పింది. రిటైరైన హిందీ పండిట్, చేతిల ఎప్పుడూ ఆ లావు గ్రహాల పుస్తకం ఉంటది. నా జాతకం అప్పుడే వేసింది. మా బాపు సుల్తానాబాద్ మెథడిస్టు చర్చి పాస్టర్‌గ రిటైరైన అబ్రహాం. బిడ్డ జాతకం చూపెట్టుకున్నదని తెలిస్తే ఏమంటడో. అందుకే ఈ డైరీ తొమ్మిదో తరగతి పేపర్ల కింద ఉంటది.

బాయి చెప్పింది రాసుకుంట, మర్చిపోకుండ.

నేను పుట్టింది రేవతి, మీనరాశి. గ్రహణం కుంభంల, అంటే నాకు పన్నెండోది. జన్మరాశికి మూడు, ఆరు, పది, పదకొండుల పడితే మంచిది. ఒకటి, నాలుగు, ఎనిమిది, పన్నెండుల పడితే కీడు. టీవీల చెప్పేది గదే. గని బాయి అది మోటు లెక్క అన్నది. మీనరాశోళ్లు లక్షల మంది ఉంటరు, అందరికీ ఒక్కటే జరుగుతదా. అసలు చూడాల్సింది డిగ్రీ. గ్రహణం పట్టిన డిగ్రీ, పుట్టినప్పటి గ్రహానికో లగ్నానికో మూడు డిగ్రీల లోపల ఉంటేనే తగిలినట్టు.

నిన్నటి చంద్రుడు కుంభం 21 డిగ్రీల 10 కళల కాడ.

నేను పుట్టిన నాటి సూర్యుడు కుంభం 21 కాడ.

ఆమె పెన్సిలుతో గీత గీసి లోపలికి పోయి చాయ్ పెట్టింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

సూర్యుడంటే తండ్రి. అది ఎవరికైనా తెలుసు.

ఇంకొక చిక్కు ఉన్నది. మా బైబిల్ మొదటి పేజీల బాపు చేతిరాతతో "ప్రిస్కిల్లా, 5–3–1984, 6–30" అని ఉన్నది. పొద్దుగాలనా, సాయంత్రమా రాయలే. సూర్యుడు పన్నెండు గంటల్ల అరడిగ్రీనే కదులుతడు, ఎట్ల పుట్టినా బాపు మీద దెబ్బ ఖాయం. లగ్నం గట్ల కాదు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతది. పొద్దుగాల ఆరున్నరకైతే సూర్యుడు అప్పుడే లేస్తుండె, లగ్నం కూడ కుంభం ఇరవై ఒకటి దగ్గర్నే. అంటే గ్రహణం నా మీదనే పడ్డది. సాయంత్రమైతే లగ్నం సింహం, కుంభం ఏడో ఇల్లు. అంటే జేమ్స్ మీద.

నన్ను కన్న అవ్వకు ఫోన్ చేసి అడిగిన. పొద్దుగాలనే అన్నది, మంత్రసాని సత్తమ్మ చద్దన్నం తినుకుంట కూసున్నదట. ఎనక నుంచి బాపు, సాయంత్రం, నేనే లైట్ ఏసిన అన్నడు. ఇద్దరూ ఫోన్ల కొట్లాడుకున్నరు. ఎందుకు అడుగుతున్నవని ఎవరూ అడగలే.

సెప్టెంబర్ 21

ఇవ్వాళ సూర్యగ్రహణం. ఈడ కనవడది. కన్యల 5 డిగ్రీల లోపల. నా చక్రంల దగ్గర్ల ఏమీ లేదు. ఇది విడిచిపెట్టొచ్చు.

అక్టోబర్ 11

పెద్దోళ్ల లెక్కలు ఒకదానికొకటి కలువవు. చంద్రగ్రహణం ఎన్ని గంటలుంటే అన్ని నెలలు ఫలితం అంటరు కొందరు. మొన్నటిది మూడున్నర గంటలు, డిసెంబర్ ఆఖరుకు అయిపోవాలె. మన దిక్కు ఇంకో గ్రహణం దాకా, ఆరు నెలలు అంటరు. ఆ నెలలు అన్నీ ఒక తీరుగ ఉండవని బాయి అన్నది. గ్రహణం పట్టిన డిగ్రీ పచ్చిపుండు లెక్క. దాన్ని ఎవరైనా తాకినప్పుడే నొస్తది. కుజుడు ఆ డిగ్రీ మీదికి వచ్చినా, ఎదురుగ వచ్చినా, తొంభై డిగ్రీల కాడికి వచ్చినా. రాహువు దాటినా. సూర్యుడు తొంభై డిగ్రీలకు వచ్చినా, అంటే మూడు నెలలకు.

తారీఖులు తీసిన:
రాహువు 21 మీదికి – నవంబర్ 3 అటు ఇటు.
కుజుడు వృశ్చికం 21, తొంభై డిగ్రీల కాడ, అంటే నాలుగో చూపు కుంభం మీద – నవంబర్ 25.
సూర్యుడు వృశ్చికం 21 – డిసెంబర్ 7.
కుజుడు సొంతంగ కుంభం 21 – మార్చి 21, 22.

చూసుడే. నమ్ముడు వేరు.

అక్టోబర్ 12, ఆదివారం

జేమ్స్ బండి మీద నుంచి పడ్డడు. మామడ మలుపు కాడ బర్రె అడ్డమొచ్చిందట. కుడి మణికట్టు ఎముక పగిలింది, పట్టీ వేసిన్రు.

నేను ఏడ్వలే. ఆటోల కూసోని, పోయింది, పోయింది అనుకున్న. సాయంత్రమే పుట్టిన, ఏడో ఇంటికి తగిలింది, గింతటితోని సరి. జేమ్స్ నా మొకం చూసి, ఏంది ప్రిస్కీ, సంబురంగ ఉన్నవు అన్నడు. ఏం చెప్పాలె.

అక్టోబర్ 13

గని నిన్న ఆ డిగ్రీని ఎవరూ తాకలే. కుజుడు ఇంకా తులల ఉన్నడు. చంద్రుడు మిథునంల. లెక్క కుదురుతలేదు.

బాయి తల అడ్డంగ ఊపింది. బర్రెకు గ్రహాలు లేవు పో అన్నది.

నవంబర్ 4

అవ్వ ఫోన్. నాలుగు దినాల సంది బాపు మెట్లు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకుంటుండట. చెప్పొద్దన్నడట.

నాలుగు దినాలు. రాహువు తారీఖు కాడనే.

నవంబర్ 9, ఆదివారం. సుల్తానాబాద్.

కరీంనగర్ తీసుకపోయినం నిన్న. గుండె రక్తనాళాలల్ల మూడు అడ్డంకులు. ఆపరేషన్ చెయ్యాలె, భయపడాల్సిన పని లేదు, గని నెల దాటనియ్యొద్దు అన్నడు డాక్టరు. ఆయన క్యాలెండర్ తిప్పి ఒక తారీఖు పెట్టిండు.

నవంబర్ 25, మంగళవారం.

నేను ఆ తారీఖు విన్నప్పుడు నా చేతుల నుంచి ఫైలు జారింది. డాక్టరు నాకు నీళ్లు ఇప్పిచ్చిండు.

నవంబర్ 10

కుజుడంటే కత్తి, నెత్తురు. సూర్యుడంటే గుండె, తండ్రి. ఆ దినమే కుజుని చూపు సూర్యుని మీద, డిగ్రీకి డిగ్రీ. ఇట్ల రాసి, మళ్ల రెండుసార్లు లెక్క వేసిన. నమ్ముతలేను. నమ్మకుంటనే మూడోసారి వేసిన.

నవంబర్ 12

డాక్టరుకు ఫోన్ చేసి, నాకు పంచాయితీ ఎలక్షన్ డ్యూటీ పడ్డది, లీవ్ ఇస్తలేరు, ఎనక ఉండేటోళ్లు లేరు, జనవరిల పెట్టుమని అడిగిన. ఆయన మందులు పెంచిండు. మందుల మీద కొన్నాళ్లు ఉండొచ్చు, గని నొప్పి వస్తే గంట కూడ ఆగొద్దన్నడు.

బాపుకు అదే చెప్పిన. సర్కారు పని కదా బిడ్డా, కాదనలేం అన్నడు. ఎంత తొందరగ ఒప్పుకున్నడో.

ఎలక్షన్ డ్యూటీ ఇంకా ఎవరికీ రాలే. నోటిఫికేషనే రాలే.

నవంబర్ 16

బాపు పాత డైరీలు తెచ్చుకున్న. పందొమ్మిదేండ్లకొకసారి గ్రహణాలు అదే తారీఖుకు, అదే డిగ్రీ కాడికి వస్తయట. పోయినసారి 2006 సెప్టెంబర్ 7. సరిగ్గ అదే.

చూసిన. 2006 నవంబర్: "పసిరికలు, కామెర్లు. ఇరవై దినాలు మంచంల." డిసెంబర్: "ప్రిస్కిల్లాకు టీచర్ ఉద్యోగం. దేవునికి స్తోత్రం." 2007 ఫిబ్రవరి: "జేమ్స్ ఇంటోళ్లు వచ్చి మాట్లాడిన్రు. ఒప్పుకున్నం."

అదే డిగ్రీ. ఒక రోగం, ఒక కొలువు, ఒక పెండ్లి. ఏది గ్రహణం, ఏది కాదు?

నవంబర్ 25

ఏం కాలే. పొద్దంత బడిల ఉన్న, గంటకోసారి అవ్వకు ఫోన్ చేసిన. బాపు మక్కరొట్టె తిని పండుకున్నడు.

నవంబర్ 26

ఏం కాలే! నేను చేసిందే మంచిదైంది. ఇప్పుడు ఎవరన్నా అనని.

డిసెంబర్ 6

బాయితోని నవ్వుకుంట చెప్పిన, నవంబర్ ఇరవై ఐదు పోయిందని. ఆమె నవ్వలే. ఆపరేషన్ ఎందుకు ఎనకకు జరిపినవ్ అని అడిగింది. చెప్పిన. అటెన్క, సూర్యుని తారీఖు రాసుకున్నవా అన్నది. రాసుకున్న అన్న.

డిసెంబర్ 8

నిన్న పొద్దుగాల చర్చిల బాపు బైబిల్ చదువుతందుకు లేచి, రెండు వాక్యాలు చదివి బల్ల పట్టుకొని కూలిపోయిండు. గుండెపోటు. కరీంనగర్ దాకా అంబులెన్స్ ముప్పావు గంట.

డిసెంబర్ 7.

డిసెంబర్ 9

బతికిండు. గుండె పంపింగ్ ముప్పై ఐదు శాతమే ఉన్నది. ఇప్పుడు కొయ్యలేం, గుండె తేరుకోవాలె అన్నరు. డాక్టరు మెల్లగ అడిగిండు, ఆ ఎలక్షన్ డ్యూటీ ఎట్ల జరుగుతుంది అమ్మా అని. ఏదో చెప్పిన.

డిసెంబర్ 14, ఆదివారం

మా బడిల అందరికీ ఎలక్షన్ డ్యూటీ పడ్డది. నా పేరు ఒక్కటే రాలే.

డిసెంబర్ 22

బోథ్ వచ్చిన, బట్టల కోసం. బాయి గేటు కాడనే ఉన్నది.

ఆమెను తిట్టుదామనే వచ్చిన. నువ్వు నేర్పినవ్, నువ్వు తారీఖులు ఇచ్చినవ్ అన్న. ఆమె తలుపు చాటుకు తీసుకపోయి కూసోవెట్టింది.

"నేను చూడమన్న బేటా. ఆపమనలే."

తెలుసు. ఆపమనలే. ఆపిందెవరు?

నేను అడిగిన, ఇరవై ఐదునే కోసి ఉంటే ఏమయ్యేదని. తెల్వదన్నది. కుజుడంటే కత్తి కాబట్టి, ఆ దినం కత్తి పడాల్సిందే అనుకుంటే అది డాక్టరు చేతిల కత్తిగ పడేదేమో. అట్ల కూడ చదువొచ్చు. రెండు తీర్లా చదువొచ్చు, అదే ఈ విద్యల చిక్కు అన్నది. తన అన్న చొక్కారావు పత్తి ఎప్పుడు అమ్మాలెనో అడుగుతడు, తను ఒక్కసారి కూడ చెప్పలే అన్నది.

ఇంకొకటి చెప్పింది. నేను పొద్దుగాలనే పుట్టి ఉంటే, సూర్యుడు, లగ్నం ఒకటే డిగ్రీ మీద ఉంటయి. బాపు, నేను ఒకటే చోట ఉన్నట్టు. ఎవరికి తగిలినా ఇంకొకరికి తగుల్తది. ఎవరు ఎవరికి తగిలించిన్రో చక్రం చెప్పది.

డిసెంబర్ 23

లెక్క తప్పలే. అదే నా పరేషాన్. డిసెంబర్ ఏడు సరిగ్గనే పడ్డది. తప్పు లెక్కైతే పుస్తకం చింపి పారేద్దును. సరైన లెక్క పెట్టుకొని నేను తప్పు పని చేసిన. లేకుంటే ఆపరేషన్ కాలేదు కాబట్టి గుండె ఎప్పుడో ఒకప్పుడు ఆగేదే, ఆ ఎప్పుడో ఒకప్పుడు ఏడో తారీఖు అయింది. రెండూ నిజమే అనిపిస్తది. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి.

జనవరి 18, ఆదివారం. సుల్తానాబాద్.

పంపింగ్ నలభై. లీవ్ పెట్టుకొని ఈన్నే ఉంటున్న. బాపు నాతోని క్యారమ్స్ ఆడుతడు. ఓడిపోతే స్ట్రైకర్ మంచిది కాదంటడు. నేను ఆయన కండ్లల్లకు చూస్తలేను.

జేమ్స్‌కు చెప్పిన అంతా. కోపం చేస్తడనుకున్న. ముందుగాల, తన చెయ్యి విరిగినప్పుడు నేను సంబురపడ్డది అందుకేనా అని అడిగిండు. అవునన్న. అటెన్క రెండు దినాలు మాట్లాడలే. మూడో దినం వచ్చి, బాపుకు చెప్పు అన్నడు.

ఫిబ్రవరి 17

సూర్యగ్రహణం, ఈడ కనవడది. కుంభం 5 లోపల. పదహారు డిగ్రీల దూరం. చూడొద్దనుకున్న. చూసిన.

మార్చి 3, మంగళవారం

చంద్రుడు గ్రహణంతోనే పైకొచ్చిండు ఇవ్వాళ, ఆరున్నరకు ముందే, ఒక దిక్కు కొరికినట్టు. ఇరవై నిమిషాలల్ల విడిచింది. సింహం 18 డిగ్రీల 41. నా సూర్యునికి సరిగ్గ ఎదురు, రెండున్నర డిగ్రీల లోపలనే. పోయిన గ్రహణానికి ఆరు నెలలు నిండకముందే అదే గీత మీద రెండోది.

బాపు బయట కుర్చీల కూసోని చూసిండు. బాగుంది అన్నడు.

మార్చి 5

నలభై రెండేండ్లు. అవ్వ పొద్దుగాలనే పాయసం చేసింది, నువ్వు పొద్దుగాలనే పుట్టినవ్ అని. బాపు సాయంత్రం దాకా తినలే, సాయంత్రమే పుట్టినవ్ అని.

మార్చి 14

పంపింగ్ నలభై ఐదు. ఇక కొయ్యొచ్చన్నరు. డాక్టరు క్యాలెండర్ తిప్పిండు. ఆయన వేలు ఏడ ఆగుతదో నాకు ముందే తెలిసినట్టే అనిపించింది.

మార్చి 21, శనివారం.

కుజుడు ఆ దినం కుంభం ఇరవై దాటి ఇరవై ఒకటిల అడుగు పెడుతడు. తొంభై డిగ్రీల చూపు కాదు. సొంతంగ.

మార్చి 15

డాక్టరు నంబర్ తీసి మూడుసార్లు పెట్టేసిన. రెండు వారాలు ఆగుదామంటే చాలు. కుజుడు మీనంలకు పోతడు ఏప్రిల్ రెండుకు. పదిహేను దినాలు. పదిహేను దినాలల్ల ఏమైతది.

ఏమైతదో నాకు తెలుసు.

మార్చి 20, శుక్రవారం. కరీంనగర్, హాస్పిటల్.

సంతకం పెట్టిన. అటెన్క బాపు కాడికి పోయి అంతా చెప్పిన. అవ్వ చాయ్ తాగుతందుకు కిందికి పోయింది. డిగ్రీలు, బాయి, నవంబర్ ఇరవై ఐదు, అబద్ధం ఎలక్షన్ డ్యూటీ, రేపటి తారీఖు. ద్వితీయోపదేశకాండం చదువుతడని చూసిన. ఏ వాక్యం చదువుతడో కూడ నాకు తెలుసు, శకునాలు, సోదె చూడొద్దన్నది.

ఆయన కిటికీ దిక్కు తిరిగిండు. బయట ఎవరో బండి హారన్ కొడుతుండిరి.

"ఎలక్షన్ డ్యూటీ లేదని నాకు అప్పుడే తెలుసు బిడ్డా. నోటిఫికేషన్ పేపర్ల రాలేదు గదా. నేను రోజూ పేపర్ చదువుత."

నేను మందుల చీటీ మలిచి సంచిల పెడుతుంటే, ఆయనే మళ్ల చెప్పిండు.

"నాకు ఆపరేషనంటే భయమైంది. నలభై ఏండ్లు చావు దగ్గర నిలబడి అందరికీ ధైర్యం చెప్పిన. నా దగ్గరికి వచ్చేసరికి చెప్పుకోరాలే. నీ అబద్ధం నాకు అక్కరకొచ్చింది. పట్టుకున్న."

అటెన్క నన్ను దగ్గరికి రమ్మని, ఇన్ని నెలలు ఒక్కదానివే మోసినవా అని అడిగిండు. జాతకం చూసుడు తప్పే అన్నడు. అది వేరే దినం మాట్లాడుదాం అన్నడు. అవ్వ వచ్చింది. ఎందుకు ఏడుస్తున్నరని కోపం చేసింది.

మార్చి 21

పొద్దుగాల ఏడింటికి తీసుకపోయిన్రు.

ఐదు గంటలు.

బయటికి వచ్చిండు. వెంటిలేటర్ మీద ఉన్నడు. గుండె సొంతంగ కొట్టుకుంటుందన్నరు.

మార్చి 23

గొట్టం తీసిన్రు. మొదటి మాట, నీళ్లు. రెండో మాట, అవ్వ తిన్నదా అని.

కుజుడు దాటిపోయిండు. ఏం కాలే. లేకుంటే అయింది, అదే ఇది. నెత్తురు పారింది, ఛాతి తెరిచిన్రు, మూసిన్రు. దీన్ని ఎట్ల రాసుకోవాలె? బాయికి ఫోన్ చేసి చెప్పిన. దేవుడు మంచి చేసిండు అన్నది. గ్రహాల ముచ్చట ఆమె తియ్యలే, నేనూ తియ్యలే.

ఏప్రిల్ 26, ఆదివారం. సుల్తానాబాద్.

బాపు ఇవ్వాళ మొదటిసారి చర్చికి వచ్చిండు, కుట్లు కదలకుండ మెత్త దిండు ఛాతికి పట్టుకొని. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచిండు. పాస్టర్ కూసోనే చెప్పుమన్నడు, వినలే. ఆపరేషన్ తారీఖు వస్తే భయపడి ఎనకకు జరుపుకున్న, దానితోనే గుండెపోటు తెచ్చుకున్న, మీ అందరికీ ధైర్యం చెప్పిన మనిషిని గిట్ల చేసిన, క్షమించుమన్నడు. ఆడోళ్లు కొంగులు కండ్లకు పెట్టుకున్నరు. తప్పంత ఆయన మీదనే వేసుకున్నడు. నా పేరు తియ్యలే.

నేను లేవొద్దనే అనుకున్న. లేచిన.

బాపు చెప్పింది సగమే అన్న. గ్రహణం లెక్కలు చూసి, తారీఖుకు భయపడి, డాక్టరుకు అబద్ధం చెప్పి ఆపింది నేను అన్న. ఆ లెక్కలు నిజమో కాదో నాకు ఇప్పటికీ తెల్వదు, ఆపింది మాత్రం నేనే అన్న.

అవ్వ నా దిక్కు చూడకుండ ముందటికే చూస్తుండె. ఎనక వరుసల ఎవరో గుసగుస పెట్టుకున్నరు. పాస్టర్ గొంతు సవరించుకొని పాట నంబర్ చెప్పిండు.

కూసున్న. బాపు పాటల పుస్తకం తీసి పేజీ పట్టుకొని, నా దిక్కు జరిపిండు. అద్దాలు మర్చిపోయి వచ్చిన, నువ్వు చదువు, నేను ఎనక అంట అన్నడు.

చదివిన.